కొత్త బండ పెట్టాక గ్యాస్ వాసన ఆగట్లేదా? కారుతున్నది ఎక్కడో ఇలా పట్టుకోండి

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండీ. మొన్న సాయంత్రం కొత్త గ్యాస్ బండ బిగించాం. తెల్లారి లేచేసరికి వంటింట్లో వాసన. రెగ్యులేటర్ ఆఫ్ చేస్తే కాసేపటికి పోతోంది, ఆన్ చేస్తే మళ్ళీ వస్తోంది. బండ తెచ్చిన అబ్బాయికి ఫోన్ చేస్తే "కొత్త బండ రెండ్రోజులు అలాగే వాసనొస్తుందండి" అన్నాడు. మా అత్తగారేమో అగ్గిపుల్ల గీసి ఎక్కడినుంచి వస్తోందో చూద్దామంటున్నారు. నాకు పాశర్లపూడి, నగరం ఊళ్ళ గ్యాస్ ప్రమాదాలు గుర్తొచ్చి ఒకటే టెన్షన్. లోపం బండలోనా, రెగ్యులేటర్లోనా, ట్యూబులోనా అని మాకెలా తెలుస్తుంది? వాసన గట్టిగా వస్తే ముందు ఏం చెయ్యాలి?

జవాబు: ముందు మీ అత్తగారి చేతిలోంచి అగ్గిపెట్టె తీసేసుకోండి. మా ఏజెన్సీలో మెకానిక్‌గా ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా గొడవపడింది ఈ అగ్గిపుల్ల పరీక్ష గురించే. కారేది కొంచెమే అయితే మంట చిన్నగానే అంటుకుంటుంది కదా, ఊదేస్తే పోతుంది కదా అనుకుంటారు. కానీ రాత్రంతా కారిన గ్యాస్ ఏ మూల ఎంత చేరిందో పుల్ల గీసేవాళ్ళకి తెలియదు. పైగా కారే చోటే రబ్బరు వాషరు ఉంటుంది, అది కాలిపోతే ఇందాక సన్నగా కారింది ఇప్పుడు జోరుగా కారుతుంది.

ఇక ఆ కుర్రాడి మాట. టోపీ తీసి రెగ్యులేటర్ బిగించేటప్పుడు బుస్సుమని కొంచెం గ్యాస్ బయటికొస్తుంది, నిజమే. తలుపులు తీసి ఉంటే కొద్ది నిమిషాల్లో ఆ వాసన పోవాలి. సాయంత్రం బిగిస్తే తెల్లారేదాకా ఉందంటే అది కొత్త బండ వాసన కాదు, గ్యాస్ కారుతోంది. కాబట్టి ఇది చదివేసరికి కూడా ఆ బండ మీదే వండుతుంటే ఆపేయండి. నాబ్ ఆఫ్ చేసి, రెగ్యులేటర్ ఊడదీసి, నైలాన్ తాడుతో వేలాడుతుంటుందే ఆ తెల్ల టోపీ, దాన్ని బండ మూతికి టక్కుమనేలా నొక్కి పెట్టండి. ఆ టోపీని చాలామంది తెంపి పారేస్తారు, లేకపోతే పిల్లలకి ఆడుకోడానికి ఇచ్చేస్తారు. బండ మూతి కారినప్పుడు మన చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.

పాశర్లపూడి, నగరం గురించి రాశారు. కోనసీమలో గ్యాస్ అనగానే ఆ రెండూ గుర్తురావడం సహజమే, 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో లేచిన మంట రెండు నెలల పైన ఆరలేదు, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఎంతమంది పోయారో మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే అక్కడి గ్యాస్ వేరు, మీ వంటింట్లోది వేరు, ఆ తేడా తెలిస్తేనే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. భూమిలోంచి తీసే సహజవాయువులో ఎక్కువభాగం మీథేన్. అది గాలికన్నా తేలిక కాబట్టి పైకి లేస్తుంది, దానంతట దానికి వాసన ఉండదు. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. వీటికీ సొంత వాసన లేదు, కారితే మనకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపుకొట్టే పదార్థం కలుపుతారు. మరి ముఖ్యమైన తేడా ఏంటంటే బండ గ్యాస్ గాలికన్నా బరువు. పైకి పోదు, నేలనంటుకుని పాకుతుంది. మన పాత ఇళ్ళల్లో వంటింటి గడపలు ఎత్తుగా ఉంటాయి కదా, గట్టు వేసిన వరిమడిలో నీళ్ళు నిలబడ్డట్టు గ్యాస్ ఆ గడప లోపల నిలబడిపోతుంది. మీరు నిలబడి వాసన చూస్తే లేనట్టే ఉంటుంది, వంగి పొయ్యి గట్టు కింద చూస్తే గుప్పుమంటుంది. అందుకే పైన వెంటిలేటర్ ఉంది కదా అని ధైర్యం వద్దు. నేల దాకా తెరుచుకునే పెరటి తలుపు తీస్తేనే అది బయటికి పోతుంది.

ఇప్పుడు మీ బండ సంగతి. "ఆఫ్ చేస్తే పోతోంది, ఆన్ చేస్తే వస్తోంది" అని రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. బండ మూతి లోపల నడిమధ్య ఒక చిన్న పిన్ను ఉంటుంది. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ పైకి తోసి పట్టుకుని దారి మూసేస్తుంది. రెగ్యులేటర్ నాబ్ ఆన్ చేస్తే లోపలి కడ్డీ దిగి ఆ పిన్నుని నొక్కుతుంది, అప్పుడే గ్యాస్ పైకి వస్తుంది. ఆఫ్ చేస్తే కడ్డీ లేస్తుంది, పిన్ను లేచి దారి మూసుకుంటుంది. కాబట్టి ఆఫ్ చేసి రెగ్యులేటర్ ఊడదీశాక కూడా వాసన ఆగలేదంటే పిన్ను సరిగ్గా కూర్చోవట్లేదన్నమాట, అది బండ లోపం, ఇంట్లో ఎవరూ చేసేదేమీ లేదు, టోపీ పెట్టి వెనక్కి పంపించడమే. మీ ఇంట్లో ఆఫ్ చేస్తే ఆగుతోంది కాబట్టి పిన్ను బాగానే ఉంది. ఇక మిగిలినవి పిన్నుకి పైన ఉన్నవి: మూతిలోని వాషరు, రెగ్యులేటర్, ట్యూబు, పొయ్యి. వీటిలో మొన్నటిదాకా బాగుండి మొన్న సాయంత్రం మారింది ఏది? బండ ఒక్కటే. బండతో పాటు వచ్చింది వాషరు. అందుకే నా అనుమానం ముందు దాని మీదకే పోతోంది.

వాషరు చూడటం కష్టం కాదు, కాకపోతే పగటిపూట, లైటు వెయ్యాల్సిన పని లేకుండా, తలుపులన్నీ తీసి, దేవుడి దగ్గర దీపం, అగరొత్తి లేకుండా చూసుకుని చెయ్యండి. వీలుంటే బండని వంటింట్లోంచి నిలబెట్టే తెచ్చి పెరటి అరుగు మీద పెట్టండి, దొర్లించొద్దు. టోపీ తీసి మూతిలోకి చూస్తే లోపలి అంచు పక్కన గాడిలో గుండ్రంగా నల్ల రబ్బరు రింగు కనపడాలి. శుభ్రమైన చిటికెనవేలు పెట్టి చుట్టూ తిప్పి చూడండి. మంచి వాషరు మెత్తగా, నున్నగా, ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా గాడిలో అతుక్కుని ఉంటుంది. పాడైనదయితే ఒకచోట చిరుగు తగులుతుంది, లేదా ఎండిపోయి గట్టిగా ఉంటుంది, లేదా ఒకవైపు గాడిలోంచి పైకి లేచి ఉంటుంది. కొన్నిసార్లు అసలు వాషరే ఉండదు, వేలికి నేరుగా ఇత్తడి తగులుతుంది.

వాషరు లేకపోతే ఏం చేస్తారో నాకు తెలుసు. ఖాళీ బండలోంచి వాషరు పీకి కొత్తదాంట్లో పెట్టేస్తారు. వద్దండీ. పాతది సాగిపోయి ఉండొచ్చు, పైగా వాషరు లేని ఆ ఖాళీ బండ రేపు నిండి ఇంకొకళ్ళ ఇంటికి వెళ్తుంది. సైకిల్ ట్యూబు ముక్క, దారం చుట్టడం లాంటివి కూడా చూశాను, వాటి గురించి రాయడం కూడా దండగ. ఏజెన్సీకి ఫోన్ చేసి "వాషరు లేదు" అని చెప్తే మనిషొచ్చి కొత్తది వేసి, పరీక్షించి వెళ్ళాలి. నిజానికి బండ ఇంటికి తెచ్చినప్పుడే తూకం చూపించి, కారుతుందో లేదో చూసి ఇవ్వడం వాళ్ళ పని. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే తూకం రావాలి. టోపీ తీయించి, మూతిలో రెండు చుక్కల నీళ్ళు వేయించి, బుడగలు రావట్లేదని చూశాకే డబ్బులివ్వండి, తర్వాత గుడ్డతో తుడవమనండి. హడావుడిలో ఉన్నానంటాడు. ఉండనివ్వండి.

వాషరు బాగానే ఉందనుకోండి, అప్పుడు సబ్బు నీళ్ళు. గ్లాసులో కాసిని నీళ్ళు, బట్టల సబ్బో షాంపూనో కలిపి బాగా నురగ వచ్చేలా చెయ్యండి. నాబ్ ఆఫ్‌లో ఉంచి, రెగ్యులేటర్ కింద ఉండే నల్ల కాలర్‌ని పైకి ఎత్తిపట్టుకుని, నిటారుగా మూతి మీద కూర్చోబెట్టి, నొక్కి, కాలర్ వదలండి. పట్టుకున్నట్టు చప్పుడు వస్తుంది. తర్వాత మెల్లగా పైకి లాగి చూడండి, చేతికి రాకూడదు. ఇప్పుడు పొయ్యి నాబ్‌లన్నీ మూసి ఉంచి రెగ్యులేటర్ ఆన్ చేసి, నురగని వేలితో ఒక్కొక్క చోటా రాస్తూ రండి, ఒక్కోచోట కాసేపు ఆగి చూడండి. సన్నటి కారుడుకి బుడగ ఉబ్బడానికి టైము పడుతుంది, చాలామంది గబగబా రాసేసి "ఏం లేదండి" అంటారు.

రెగ్యులేటర్‌కీ బండ మూతికీ మధ్య బుడగలొస్తే వాషరు పైకి బాగానే కనిపించినా సరిగ్గా పట్టట్లేదు, లేదా రెగ్యులేటర్ కింది అంచు అరిగింది. ట్యూబు ఎక్కే చోట వస్తే ట్యూబు వదులైంది. పొయ్యి నాబ్ వెనక వస్తే పొయ్యి మెకానిక్ పని, బండతో సంబంధం లేదు. ఇక ఎవరూ చూడని చోటు ఒకటుంది. రెగ్యులేటర్ మీద సూది మొనంత చిన్న రంధ్రం ఉంటుంది. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది, బండలోంచి జోరుగా వచ్చే గ్యాస్‌ని పొయ్యికి సరిపడే తక్కువ ఒత్తిడికి తెచ్చేది అదే. ఆ పొర పైకీ కిందకీ ఆడాలంటే పైభాగానికి గాలి కావాలి, ఆ గాలి కోసం పెట్టిన రంధ్రమది. పొర చిరిగితే గ్యాస్ ఆ రంధ్రంలోంచి వస్తుంది. అక్కడ ఒక్క బుడగ లేచినా ఆ రెగ్యులేటర్ పని అయిపోయినట్టే. గ్యాస్ పుస్తకం తీసుకుని ఏజెన్సీకి వెళ్ళి మార్పించుకోండి. బజార్లో ఎవరో విప్పి బాగుచేస్తారంటే వినొద్దు, అది విప్పి బిగించే వస్తువు కాదు. రంధ్రంలో జిడ్డు చేరితే సూది పెట్టి గుచ్చే అలవాటు కూడా ఉంది కొందరికి. ఆ సూది తిన్నగా పొరకే తగులుతుంది.

రెగ్యులేటర్‌కి ఇంకో రెండు పరీక్షలు. బండకి బిగించకుండా చేతిలో పట్టుకుని నాబ్ తిప్పి చూడండి, తిరగకూడదు. సరిగ్గా కూర్చుంటేనే నాబ్ తిరిగేలా తయారుచేస్తారు దాన్ని. ఉత్తినే తిరుగుతోందంటే ఆ తాళం అరిగిపోయింది, అంటే సగం ఊడినా ఆన్ అవుతుంది. రెండోది, పొయ్యి చిన్న మంట మీద వెలుగుతుండగా రెగ్యులేటర్ ఆఫ్ చెయ్యండి. ట్యూబులో మిగిలింది కాలిపోయి కొన్ని సెకన్లలో మంట ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే రాత్రిళ్ళు మీరు ఆఫ్ చేశామనుకుంటున్నది ఆఫ్ కావట్లేదు. ఈ రెండో పరీక్ష వాసన లేనప్పుడే చెయ్యాలి, ఇప్పుడు మీ ఇంట్లో వద్దు.

ట్యూబు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లోపల తీగల అల్లిక ఉన్న నారింజరంగు సురక్ష ట్యూబే వాడండి, మీటరున్నర దాటకూడదు, మీద వేసిన తేదీ చూసుకుని 5 ఏళ్ళకి మార్చెయ్యండి, గోడలోంచి దూర్చొద్దు. వరి కోతలయ్యాక పొలాల ఎలుకలు ఇళ్ళల్లోకి వస్తాయి కదా, గట్టు కింద చీకట్లో ఉన్న ట్యూబు మీద పంటి గాట్లేమైనా ఉన్నాయేమో ఆ రోజుల్లో కాస్త తడిమి చూస్తుండండి. గాటు కనపడితే టేపు చుట్టడం కాదు, ట్యూబు మార్చాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా వాసన సన్నగా ఉన్నప్పటి మాట. గుప్పుమని వచ్చిందంటే వెతకడాలు, సబ్బు నీళ్ళు ఏమీ లేవు. తెల్లారి లేచి వంటింటి తలుపు తీయగానే ముక్కు బద్దలయ్యేలా వచ్చిందనుకోండి, అలవాటుగా చెయ్యి లైటు స్విచ్చి మీదకి పోతుంది. అదే ప్రమాదం. స్విచ్చి వేసినా తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వ చాలు. లైటు ముందే వెలుగుతుంటే వెలగనివ్వండి, ఫ్యాను తిరుగుతుంటే తిరగనివ్వండి, ఆరిపోయి ఉంటే గ్యాస్ బయటికి పంపడానికని అస్సలు వెయ్యొద్దు. చీకట్లోనే వెళ్ళి పెరటి తలుపు, వీధి తలుపు బార్లా తెరవండి. పొయ్యి నాబ్‌లు, రెగ్యులేటర్ ఆఫ్ చెయ్యండి. దేవుడి గూట్లో దీపం, దోమల చుట్ట ఏవైనా ఉంటే ఆర్పెయ్యండి. ఆఫ్ చేశాక కూడా బుస్సుమని చప్పుడు వస్తుంటే రెగ్యులేటర్ ఊడదీసి టోపీ నొక్కండి. మూతి చుట్టూ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం వట్టి చేత్తో ముట్టుకోవద్దు, లోపలి ద్రవం తగిలితే చర్మం కాలినట్టే అవుతుంది. టోపీ పెట్టాక ఆగితే బండని బయట ఆరుబయలు తెచ్చి నిలబెట్టండి. ఆగకపోయినా, లోపల నిలబడటానికే ఊపిరాడకపోయినా, బండని వదిలేసి అందరూ బయటికి వచ్చెయ్యండి.

ఫ్రిజ్ సంగతి చాలామందికి తట్టదు. అది దానంతట అదే ఆగుతూ మళ్ళీ మొదలవుతూ ఉంటుంది, మొదలైనప్పుడల్లా లోపల స్విచ్చి పడుతుంది. దాని ప్లగ్గు పీకబోతే అక్కడే రవ్వ వస్తుంది. కాబట్టి కరెంటు మీటరు, మెయిన్ వీధి అరుగు మీద, వాసన లేని చోట ఉంటే అక్కడినుంచి మెయిన్ ఆపెయ్యండి. మెయిన్ ఇంటి లోపల ఉంటే దాని జోలికి వెళ్ళొద్దు. ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆపగానే అది అందుకుంటుంది, అది గుర్తుంచుకోండి. ఫోన్ కూడా ఇంట్లో నిలబడి కాదు, ఇంటికి దూరంగా వీధిలోకి వచ్చాకే 1906కి చెయ్యండి. గ్యాస్ లీకుల కోసమే పెట్టిన నంబరది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంట కూడా లేస్తే 101. మనుషులొచ్చి చూసేదాకా, నేల దగ్గర కూడా వాసన పూర్తిగా పోయేదాకా లోపలికి వెళ్ళొద్దు, బండి స్టార్ట్ చేసి అరుగు మీంచి తియ్యడం లాంటివీ వద్దు.

వాసన పోయిందా లేదా అని ఇంట్లో ఉన్నవాళ్ళని అడక్కండి. ఆ కంపులో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, ఉన్నా తెలియదు. పక్కింటావిడని పిలిచి గుమ్మం దగ్గర నిలబడి చూడమనండి. మన వైపు ఇంకో చిక్కుంది. ఇంట్లో ఎండుచేపలు, పక్కన రొయ్యల చెరువు ఉంటే కుళ్ళు వాసనని కుళ్ళు వాసనే కప్పేస్తుంది. జలుబు చేస్తే సరేసరి. అందుకే ముక్కుతో పాటు లెక్క కూడా పెట్టుకోండి. బండ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకుంటే, మీకు ఎప్పుడూ నెలన్నర వచ్చేది ఈసారి వంట పెరగకుండానే నెలకి అయిపోయిందంటే ఎక్కడో సన్నగా కారుతోందని అర్థం.

మీది లంక ఊరన్నారు కాబట్టి వరద గురించి కూడా ఒక మాట. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేశారని తెలిసి సామాన్లు అటకెక్కించేటప్పుడు బండ బరువుగా ఉంటుంది, ఎక్కడికి పోతుందిలే అని అందరూ దాన్ని కింద వదిలేస్తారు. నిండు బండ మొత్తం 30 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, దాని లోపల పట్టేది 33 లీటర్ల పైన, అన్ని నీళ్ళ బరువే 33 కిలోలు దాటుతుంది, అంటే ఖాళీదే కాదు, నిండుది కూడా నీళ్ళల్లో తేలుతుంది. రెగ్యులేటర్ బిగించి ఉండగా తేలిందంటే ట్యూబు లాక్కుని ఒరిగిపోయి, కొట్టుకుని, ఎక్కడో ఒకచోట కారడం మొదలవుతుంది. నీళ్ళు వీధిలోకి రాకముందే రెగ్యులేటర్ తీసి, టోపీ పెట్టి, బండని నిలబెట్టి కిటికీ ఊచకో స్తంభానికో తాడుతో కట్టెయ్యండి. రెగ్యులేటర్‌ని పొడిగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైన పెట్టుకోండి. నీళ్ళు తీశాక మూతిలో బురద ఉన్న బండకి రెగ్యులేటర్ బిగించొద్దు, పిన్ను చుట్టూ చేరిన ఒండ్రుని పుల్లతోనో స్క్రూడ్రైవర్‌తోనో గోకొద్దు. పిన్ను కిందకి దిగి బురదలో ఇరుక్కుంటే మళ్ళీ మూసుకోదు. టోపీ అలాగే ఉంచి ఏజెన్సీకి ఇచ్చి వేరేది తీసుకోండి, రెగ్యులేటర్ కూడా మునిగి ఉంటే అదీ వాళ్ళకే చూపించండి.